ఆర్నెల్ల ఖర్చు అంటే ఏ నెల ఖర్చు?

మా కుటుంబం వాట్సాప్ గ్రూపులో ఈ మధ్య ఎవరో ఓ చిన్న వీడియో పెట్టారు. నెల జీతానికి ఆరు రెట్లు బ్యాంకులో వేసి మరిచిపోండి, అదే మీ ఎమర్జెన్సీ ఫండ్, అని అందులో ఒకాయన నిమిషంలో తేల్చేశాడు. దాని కింద వాదన మాత్రం రెండు రోజులు నడిచింది. మూడు నెలలు చాలని ఒకరు, ఏడాదికి సరిపడా ఉండాలని ఇంకొకరు. చేతిలో క్రెడిట్ కార్డు ఉండగా లక్షలు ఊరికే పడేసుకోవడం దండగని మా పెదనాన్నగారి అబ్బాయి.

అంత వాదనలోనూ రెండు ప్రశ్నలు ఎవరూ అడగలేదు. జీతం ఆగిపోయిన నెలలో ఇంటి ఖర్చు నిజంగా ఎంత? ఆ డబ్బు ఎవరి పేరు మీద ఉందో ఆ మనిషే మంచాన పడితే, దాన్ని బయటికి తీసేదెవరు? ఈ రెండింటికీ జవాబు చెప్పుకోకుండా మూడా, ఆరా అని కొట్టుకోవడం వల్ల లాభం లేదని నా గట్టి నమ్మకం. నేను బెంగళూరులో ఓ కంపెనీలో జీతాల లెక్కలు చూసే పేరోల్ విభాగంలో పనిచేస్తాను. ఉద్యోగం పోయినవాళ్ల లెక్కలు తేల్చి పంపడం నా పనిలో భాగం. ఆ అనుభవంతో పాటు, మా మరిది ఇంట్లో జరిగింది కూడా దగ్గరుండి చూశాను. వాళ్ల అంకెలు ఇక్కడ రాస్తున్నది వాళ్లను అడిగే.

జీతం ఆగిన నెల

మా మరిది వాళ్లు మారతహళ్ళిలో అద్దెకుంటారు. తను సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉద్యోగి, మా తోటికోడలు ఇంట్లోనే ఉంటుంది, పాప యూకేజీ. చేతికి వచ్చే జీతం 1,45,000. అద్దె, మెయింటెనెన్స్ కలిపి 36,000. సరుకులు, పాలు, కూరగాయలకు 16,000. కరెంటు, గ్యాసు, ఫోన్లు, నెట్ 5,000. కారు ఈఎంఐ 13,500. ఊళ్లో అత్తయ్యా మామయ్యలకు పంపేది 12,000. వంటమనిషికి, పనిమనిషికి 7,000. పెట్రోలు 5,000. బయట తిండి, బట్టలు, సినిమాలు 15,000. మ్యూచువల్ ఫండ్లలో నెలనెలా వేసే సిప్‌లు 20,000. అన్నీ కలిపితే 1,29,500.

ఉద్యోగం పోతే సగానికి సగం తగ్గించుకోవచ్చని తను మొదటినుంచీ అనుకునేవాడు. నెలకు 75,000తో బతికేస్తాం, కాబట్టి ఆర్నెల్లకు 4,50,000 చాలని లెక్కవేసి, అంతా ఒకే ఎఫ్‌డీ చేసి పెట్టాడు. కాగితం మీద చూస్తే ఆ లెక్కలో తప్పేమీ కనబడదు.

ఉద్యోగం నిజంగా పోయాక ఏం తగ్గిందో చూడండి. సిప్‌లు ఆపేశారు. బయటి ఖర్చు 4,000కు దిగింది. వంటమనిషిని మాన్పించి పనిమనిషిని ఉంచుకున్నారు, అది 3,000. పెట్రోలు 3,000. అక్కడితో సరి. అద్దె తగ్గలేదు, ఈఎంఐ తగ్గలేదు, పాలప్యాకెట్లు తగ్గలేదు. అమ్మానాన్నలకు పంపే డబ్బు ఆపితే ఊళ్లో విషయం తెలిసిపోతుందని అదీ ఆపలేదు. మొత్తం 92,500.

దీనికి తోడు, నెలవారీ లెక్కలో ఎప్పుడూ కనబడని ఖర్చులు ఉంటాయి. స్కూలు ఫీజు ఏడాదికి 1,20,000. టర్మ్ జీవిత బీమా పాలసీ 24,000. కారు ఇన్సూరెన్స్ 12,000. అసలు కొత్తగా నెత్తిన పడింది ఆరోగ్య బీమా. కంపెనీ ఇచ్చే గ్రూపు పాలసీ మామూలుగా ఆఖరి పనిదినంతోనే ముగిసిపోతుంది. సొంత పాలసీ లేకపోతే సరిగ్గా జీతం లేని నెలలోనే కొత్తది తీసుకోవాలి. ముగ్గురికీ కలిపి 30,000 అయింది. ఈ నాలుగూ కలిపి ఏడాదికి 1,86,000, అంటే నెలకు 15,500. దీన్ని 92,500కు కలపండి. 1,08,000 అవుతుంది.

తను అనుకున్న 75,000కూ దీనికీ ఉన్న తేడాలోనే రెండు నెలలు మాయమైపోయాయి. ఆర్నెల్లకని దాచిన 4,50,000 ఈ లెక్కన నాలుగు నెలలకు మించి రాదు. అందుకే జీతాన్ని ఆరుతో హెచ్చవేయకండి, ఈ నెల ఖర్చునూ హెచ్చవేయకండి. బ్యాంకు స్టేట్‌మెంటు ఏడాదిది తీసి, జీతం లేకపోయినా ఆగనివి ఏవో గీతగీసి, ఏడాదికోసారి వచ్చేవాటిని పన్నెండుతో భాగించి కలపండి. ఓ ఆదివారం పూట పని.

ఇల్లు మారితే అద్దె తగ్గుతుంది కదా అని మా ఇంట్లోనే అడిగారు. బెంగళూరులో అది అంత తేలిక కాదు. ఒకప్పుడు పది నెలల అద్దె అడ్వాన్సుగా కట్టించుకునే ఊరు ఇది, ఇప్పుడు ఐదారు నెలలు అడిగేవాళ్లు ఎక్కువ. కొత్త ఇంటికి లక్షన్నర ముందే కట్టాలి, పాత అడ్వాన్సు ఖాళీ చేశాక కానీ చేతికి రాదు. అందులోనూ పెయింటింగ్ పేరిట ఒక నెల అద్దె కోసేస్తారు. మా మరిదికి ఆ కోత 32,000, సామాను తరలింపు 12,000. అద్దెలో నెలకు పదివేలు మిగిలినా ఈ 44,000 తిరిగి రావడానికి నాలుగు నెలలు దాటుతుంది. నాలుగైదు నెలల్లో ఉద్యోగం వస్తుందనుకునేవాడు ఇల్లు మారడం శుద్ధ నష్టం.

ఆఫర్ వచ్చినా జీతం రాదు

ఎన్ని నెలలు అన్న ప్రశ్నకు అందరూ ఉద్యోగం దొరకడానికి ఎంత కాలం పడుతుందో ఊహించి జవాబు చెబుతారు. పేరోల్‌లో కూర్చున్న నాకు ఆ లెక్కకు రెండువైపులా ఖాళీ కనబడుతుంది.

మొదటి ఖాళీ వెళ్లేటప్పుడు. చాలా కంపెనీలు ఆఖరి నెల జీతాన్ని మామూలు తేదీకి వేయవు. లాప్‌టాప్ అప్పగింత, సెలవుల లెక్క, ట్యాక్సు కోత అన్నీ తేల్చి ఫుల్ అండ్ ఫైనల్ సెటిల్‌మెంటులో కలిపి ఇస్తాయి. దానికి నెలన్నర పట్టడం మామూలే. రెండో ఖాళీ చేరేటప్పుడు. ఆఫర్ లెటర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ ఉంటుంది, కొత్త బ్యాచ్ తేదీ కోసం ఎదురుచూపు ఉంటుంది. చేరాక పేరోల్ కటాఫ్ దాటిపోతే, ఆ నెలలో పనిచేసిన రోజుల డబ్బు కూడా వచ్చే నెల జీతంతోనే వస్తుంది. మా దగ్గర ఇరవయ్యో తేదీ తర్వాత చేరినవాళ్లందరికీ అంతే.

మా మరిదికి ఆఖరి రోజు మార్చి 31. మార్చి జీతం మే నెల మధ్యలో వచ్చింది. ఆఫర్ జూలై చివర్లో వచ్చింది, ఇంట్లో పాయసం కూడా చేసుకున్నారు. చేరింది ఆగస్టు 25న, మొదటి జీతం సెప్టెంబరు 30న. ఉద్యోగం వెతకడానికి పట్టింది నాలుగు నెలలే, కానీ ఇల్లు నడపాల్సింది ఆరు నెలలు. నెలకు 1,08,000 లెక్కన ఆర్నెల్లకు 6,48,000. ఎఫ్‌డీ, మార్చి జీతం కలిపితే 5,95,000. మిగిలిన 53,000కు మా తోటికోడలి గాజులు బ్యాంకుకెళ్లాయి.

కాబట్టి నా లెక్క ఇది. మీ రంగంలో, మీ వయసులో, మీ జీతానికి ఉద్యోగం దొరకడానికి ఎన్ని నెలలు పట్టొచ్చో నిజాయితీగా అనుకోండి. దానికి రెండు కలపండి. ఒక్కరి సంపాదన మీద నడిచే ఇంటికి, మారతహళ్ళిలో ఉన్నా మడివాళలో ఉన్నా, ఎనిమిది నెలల కంటే తక్కువంటే నాకు ధైర్యం చాలదు. మా మరిదికైతే అది 8,64,000.

భార్యాభర్తలిద్దరూ సంపాదిస్తూ, ఇద్దరివీ వేర్వేరు రంగాలైతే ఇంత అక్కర్లేదు. రెండో జీతం మోయలేని భాగానికి మాత్రమే ఎనిమిది నెలల లెక్క కట్టుకోవచ్చు. ఇద్దరూ ఒకే కంపెనీలో ఉంటే మాత్రం రెండు జీతాలని లెక్కపెట్టకండి. ఒకే శుక్రవారం ఇద్దరికీ మెయిల్ వచ్చిన జంట ఫైలు నా టేబుల్ మీదికి వచ్చింది.

బీటీఎం లేఅవుట్‌లో పీజీలో ఉంటూ నలభై వేలు తెచ్చుకునే కుర్రాడికి ఇదే సూత్రం చెప్పడం అన్యాయం. అవసరమైతే పీజీ ఖాళీ చేసి కడప వెళ్లిపోయి ఇంటి భోజనం తింటూ ఇంటర్వ్యూలు ఇస్తాడు. అతనికి మూడు నాలుగు నెలలు చాలు. పద్నాలుగు శాతం వడ్డీకి పర్సనల్ లోన్ మోస్తున్నవాళ్లు కూడా ముందు ఒకటి రెండు నెలలకు దాచి, తర్వాత ఆ అప్పు తీర్చేసి, ఆపైన మిగతాది నింపుకోవడం మేలు.

ఎఫ్‌డీ ఉంది, తీసేవాళ్లు లేరు

రెండో ప్రశ్న నాకు అర్థమైంది మా అపార్టుమెంటులో పై ఫ్లోర్ వాళ్ల వల్ల. కర్నూలు వాళ్లు. ఓ శనివారం రాత్రి పదకొండింటికి ఆయనకు ఛాతీలో నొప్పి. ఆ అమ్మాయితో పాటు నేనూ ఆస్పత్రికి వెళ్లాను. ఇన్సూరెన్స్ ఉంది. క్యాష్‌లెస్ అప్రూవల్ వచ్చేలోగా లక్షన్నర డిపాజిట్ కట్టమని బిల్లింగ్ కౌంటర్‌లో అడిగారు, అప్రూవల్ రాగానే వాపసు చేస్తామన్నారు.

"అక్కా, ఆరు లక్షల ఎఫ్‌డీ ఉంది ఆయన ఫోన్‌లో" అంది ఆ అమ్మాయి. ఫోన్ చేతిలోనే ఉంది. స్క్రీన్ లాక్ తనకు తెలుసు. బ్యాంకు యాప్ తెరిస్తే ఎంపిన్ అడిగింది. అది తెలియదు. రెండుసార్లు తప్పు కొట్టాక, మూడోసారి కూడా తప్పయితే లాక్ అవుతుందని హెచ్చరిక వచ్చింది. తన సొంత ఖాతాలో 18,000 ఉన్నాయి. అపార్టుమెంటులో నలుగురం తలా కొంత వేసి కట్టాం. ఆయన కోలుకున్నారు, మా డబ్బు సోమవారమే తిరిగి ఇచ్చేశారు. కానీ ఆ రాత్రి ఆ ఆరు లక్షలు ఎవరికీ పనికిరాలేదు.

నామినీగా తన పేరు ఉందని ఆ అమ్మాయి కౌంటర్ దగ్గర రెండుమూడుసార్లు చెప్పింది. నామినీకి హక్కు వచ్చేది ఖాతాదారు పోయాక. మనిషి ఐసీయూలో ఊపిరి పీలుస్తున్నంత సేపూ నామినీ ఒక్క రూపాయి తీయడానికి వీల్లేదు. మన ఇళ్లలో చావుకు ఏర్పాట్లు ఉన్నాయి గానీ, పది రోజుల స్పృహలేని స్థితికి లేవు.

పరిష్కారం జాయింట్ ఖాతా, "ఐదర్ ఆర్ సర్వైవర్" పద్ధతిలో. అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే తీయగలిగేలా. కానీ ఎఫ్‌డీల విషయంలో ఇక్కడొక మెలిక ఉంది, చాలామందికి తెలియదు. ఇలాంటి జాయింట్ ఎఫ్‌డీని గడువు తీరాక ఎవరైనా ఒకరు తీసుకోవచ్చు. గడువుకు ముందే బ్రేక్ చేయాలంటే మాత్రం బ్యాంకులు సాధారణంగా ఇద్దరి సంతకాలూ అడుగుతాయి. ఒకరు పోయాక రెండోవారు గడువుకు ముందే తీసుకోవాలన్నా, అందుకు ఇద్దరూ కలిసి ముందుగా రాసిచ్చిన అనుమతి బ్యాంకు దగ్గర ఉండాలి. లేకపోతే వారసుల సమ్మతి దాకా వెళ్తుంది. ఎఫ్‌డీ తెరిచే ఫారంలోనే దీనికి గడి ఉంటుంది, టిక్ పెట్టాలి. యాప్‌లో నొక్కి చేసే ఎఫ్‌డీలు చాలాసార్లు ఒక్కరి పేరు మీదే పడతాయి, ఆ గడి మనకు కనబడనే కనబడదు. మీ ఎఫ్‌డీ రసీదు తీసి, "మోడ్ ఆఫ్ ఆపరేషన్" అన్న చోట ఏముందో ఒకసారి చూడండి.

దీనికంటే నాకు నచ్చింది ఆటో స్వీప్. జాయింట్ సేవింగ్స్ ఖాతాలో ఒక హద్దు పెడితే, అది దాటిన డబ్బు దానంతటదే డిపాజిట్ అవుతుంది. ఖాతాలో చాలకపోతే డిపాజిట్ చిన్న ముక్కలుగా విరిగి, కావలసినంతే వెనక్కి వస్తుంది. భార్య తన డెబిట్ కార్డు గీసినా, తన యూపీఐ నుంచి కట్టినా అర్ధరాత్రి అయినా పనిచేస్తుంది. ఎవరి సంతకమూ అక్కర్లేదు. కాకపోతే ఆవిడ కార్డు మీద రోజువారీ పరిమితి ఎంతుందో ముందే చూసి పెంచుకోవాలి. యూపీఐలో మామూలుగా రోజుకు లక్షే వెళ్తుంది. ఆస్పత్రులకు ఐదు లక్షల దాకా కట్టొచ్చని 2023 డిసెంబరులో ప్రకటించారు గానీ, అది మీ బ్యాంకూ ఆ ఆస్పత్రీ రెండూ అమలు చేస్తేనే.

అంతా ఒకే చోటా?

ఇక్కడే ఒకటిన్నర శాతం ఎక్కువ వడ్డీ ఇచ్చే చిన్న బ్యాంకుల మాట వస్తుంది. బసవనగుడిలోని శ్రీ గురు రాఘవేంద్ర సహకార బ్యాంకు సంగతి ఈ ఊళ్లో అందరికీ తెలుసు. 2020 జనవరిలో ఆర్‌బీఐ ఆంక్షలు పెట్టింది, ఖాతాదారు 35,000 మించి తీయడానికి లేకుండాపోయింది. అదే ఏడాది మార్చిలో యెస్ బ్యాంకులో కొన్నాళ్లపాటు 50,000 దగ్గర ఆపారు. అంటే ఇది సహకార బ్యాంకులకే పరిమితమైన భయం కాదు.

ఐదు లక్షల దాకా డిపాజిట్ ఇన్సూరెన్స్ ఉంది కదా అంటారు. ఉంది, అసలూ వడ్డీ కలిపి ఒక బ్యాంకులో ఒకరికి ఐదు లక్షలు. 2021లో చట్టం మార్చాక, ఆంక్షలు పెట్టిన 90 రోజుల్లో ఆ డబ్బు ఇవ్వాలి. పొదుపు డబ్బుకు అది మంచి రక్షణే. అత్యవసర నిధికి మాత్రం 90 రోజులంటే మూడు అద్దెలు, ఒక స్కూలు ఫీజు. డబ్బు పోకపోవడం వేరు, సమయానికి అందడం వేరు. ఈ ఒక్క కారణంతోనే రెండు చోట్ల ఉంచమంటాను.

మా మరిది ఇప్పుడు పెట్టుకుంటున్న ఏర్పాటు ఇలా ఉంది. ఒక పెద్ద బ్యాంకులో జాయింట్ స్వీప్ ఖాతాలో 4,75,000, వడ్డీ కలిసినా ఐదు లక్షల లోపే ఉండేలా. మిగతా 3,89,000 లిక్విడ్ ఫండ్‌లో, అంటే తక్కువ గడువు అప్పుపత్రాలు కొనే మ్యూచువల్ ఫండ్‌లో. ఆ ఫండ్ డబ్బు వచ్చిపడే ఖాతా వేరే బ్యాంకుది. ఫండ్ హోల్డింగ్ "ఎనీవన్ ఆర్ సర్వైవర్", అంటే ఇద్దరిలో ఎవరైనా ఒక్కరే అమ్మగలిగేలా. జాయింట్ అని ఊరికే పెడితే మళ్లీ ఇద్దరి అనుమతీ కావాలి.

లిక్విడ్ ఫండ్‌ను మొదటి గంట అవసరానికి నమ్ముకోకూడదు. పనిదినాన మూడింటిలోపు అమ్మితే మరుసటి పనిదినాన డబ్బు పడుతుంది. శుక్రవారం సాయంత్రం అమ్మితే మంగళవారమే. కొన్ని ఫండ్లు అప్పటికప్పుడు ఇస్తాయి కానీ అది రోజుకు ఒక ఫండ్ నుంచి 50,000, లేదా మీ విలువలో 90 శాతం, ఏది తక్కువైతే అది. ఉద్యోగం పోయిన ఐదో నెల ఖర్చుకు ఈ ఆలస్యం సమస్యే కాదు. అందుకే ఆ భాగం అక్కడ ఉండొచ్చు. 91 రోజులకు మించని అప్పుపత్రాలే కొంటాయి కాబట్టి వీటిలో ఒడిదుడుకులు తక్కువ. అలాగని కాస్త ఎక్కువ రాబడి కనబడగానే కాస్త ఎక్కువ గడువు పత్రాలు కొనే అల్ట్రా షార్ట్ ఫండ్ల వైపో, తక్కువ రేటింగ్ పత్రాలు కొనే క్రెడిట్ రిస్క్ ఫండ్ల వైపో జరగొద్దు. 2020 ఏప్రిల్ 23న ఫ్రాంక్లిన్ టెంపుల్టన్ ఒకేసారి మూసిన ఆరు పథకాల్లో అల్ట్రా షార్ట్ కూడా ఉంది.

దండగ అన్నవాళ్లకు

ఎనిమిదిన్నర లక్షలు ఆరు శాతానికి పడి ఉంటే, ఈక్విటీలో రావచ్చనుకునే పన్నెండుతో పోల్చి ఏడాదికి యాభై వేలు పోతున్నాయన్న మాట నిజమే. నేను దాన్ని కాదనను. కానీ ఐటీలో జనాన్ని పంపించేసే కాలమూ మార్కెట్ పడే కాలమూ తరచూ కలిసే వస్తాయి. 2020 మార్చిలో అది కళ్లారా చూశాం. పడిన రోజు యూనిట్లు అమ్మి అద్దె కట్టినవాడికి ఆ పన్నెండు శాతం కాగితం మీదే మిగులుతుంది. క్రెడిట్ కార్డు నలభై రోజుల వెసులుబాటు మాత్రమే ఇస్తుంది. అద్దె, ఫీజు, ఈఎంఐ ఆరు నెలలపాటు దానిమీద నడపలేరు. బకాయి మిగిలితే వడ్డీ నెలకు మూడు శాతం పైనే.

నన్ను కాస్త తటపటాయింపజేసే వాదన బంగారం ఒక్కటే. మన ఇళ్లలో ఉంటుంది, అదే రోజు అప్పు పుడుతుంది, నా తోటికోడలి గాజులే అందుకు సాక్ష్యం. దాన్ని ఆఖరి వరసలో లెక్కపెట్టడానికి నాకు అభ్యంతరం లేదు. మొదటి వరసలో వద్దనడానికి కారణం లాకరు. రెండో శనివారం, నాలుగో శనివారం, ఆదివారం అది తెరుచుకోదు. పైగా ఆ గాజులు విడిపించేదాకా ఆవిడ పుట్టింటి పెళ్లికి ఏం చెప్పి వెళ్లాలా అని పడిన మథనం ఏ వడ్డీ పట్టికలోనూ ఉండదు.

ఇంకా తేలని సంగతి ఒకటుంది, ఊళ్లో ఉన్న అత్తయ్యా మామయ్యల అవసరం. వాళ్లకు రాత్రిపూట డబ్బు కావాల్సివస్తే బెంగళూరు నుంచి పంపుతాంలే అనుకుంటూ వచ్చాం. మామయ్య ఫోన్‌లో యూపీఐ ఉంది, అత్తయ్యకు బటన్ ఫోనే. మామయ్యే పడిపోతే మేం పంపిన డబ్బు ఆయన ఖాతాలోనే ఉండిపోతుంది. ప్రస్తుతానికి ఇద్దరి పేర్ల మీదా ఒక ఖాతా తెరిచి అందులో యాభై వేలు వేశాం, అత్తయ్యకు వేరే ఏటీఎం కార్డు తీసుకున్నాం. పోయిన వారం ఆవిడ మా మరిది పక్కన నిలబడి ఐదు వందలు తీసింది. ఇంకోసారి ఒంటరిగా తీస్తానంటోంది.